రూటర్ పవర్ తగ్గిస్తే నెట్ బాగుపడే ఇళ్లు

కింద హాల్లో ఒక రూటర్, మేడ మీద ఇంకొకటి. రెండింటికీ కేబుల్ ఉంది, రెండింటికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. డబ్బు ఖర్చుపెట్టి ఇంత ఏర్పాటు చేసుకున్న ఇళ్లలోనూ ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. మేడ మీది గదిలో కూర్చుని వాట్సాప్ కాల్ మాట్లాడుతుంటే అవతలివాళ్ల మాట శుభ్రంగా వినిపిస్తుంది, ఇవతలి మాటే వాళ్లకు ముక్కలు ముక్కలుగా చేరుతుంది. ఫోన్‌లో చూస్తే సిగ్నల్ గీతలు బాగానే ఉంటాయి. విసుగొచ్చి వైఫై ఆపి మళ్లీ ఆన్ చేస్తే చిటికెలో అంతా సర్దుకుంటుంది. కిందికి వెళ్లి మళ్లీ పైకి వచ్చేసరికి కథ మొదటికొస్తుంది.

ఈ రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తున్నాయంటే తప్పు ఇంటర్నెట్ కంపెనీది కాకపోవచ్చు. ఎక్కువసార్లు తప్పు కింది రూటర్ బలంలో ఉంటుంది. బలం తక్కువై కాదు, ఎక్కువై.

వినడానికి తిరకాసుగా ఉన్నా లెక్క తేలికైనదే. వైఫై రేడియో లాంటిది కాదు. రేడియో స్టేషన్ చెబుతుంది, మనం వింటాం, అంతటితో సరి. వైఫైలో మాత్రం రూటర్ పంపిన ప్రతి మూటకూ ‘అందింది’ అని ఫోన్ జవాబివ్వాలి. జవాబు రాకపోతే రూటర్ అదే మూటను మళ్లీ పంపుతుంది. అప్పటికీ రాకపోతే వేగం తగ్గించి ఇంకోసారి పంపుతుంది. అంటే సినిమా చూస్తున్నా, పాట వింటున్నా ఫోన్ కూడా గంటల తరబడి ‘మాట్లాడుతూనే’ ఉంటుంది. ఇక కాల్ సంగతి చెప్పేదేముంది, అందులో సగం బరువు ఫోన్‌దే.

ఇద్దరి గొంతులూ సమానమైతే ఇబ్బంది లేదు. కాని సమానం కావు. పెళ్లి పందిట్లో వేదిక మీద మైకు పట్టుకున్నవాడి మాట చివరి వరస దాకా వినిపిస్తుంది, ఆ చివరి వరసలోనివాడు ఇచ్చే బదులు మాత్రం వేదిక దాకా చేరదు. రూటర్ గోడకున్న ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటుంది కాబట్టి 5 గిగాహెర్ట్జ్‌లో 200 మిల్లీవాట్ల దాకా పంపేవి మామూలే. ఫోన్‌కు ఉన్నది చిన్న బ్యాటరీ, దాన్ని రోజంతా కాపాడుకోవాలి. అందుకే చాలా ఫోన్లు పాతిక మిల్లీవాట్ల చుట్టుపక్కలే పంపుతాయి. ఫోన్‌లో కనిపించే గీతలు ప్రధానంగా రూటర్ గొంతు ఫోన్‌కు ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయి. ఫోన్ గొంతు రూటర్‌కు ఎలా వినిపిస్తోందో చెప్పే గీత ఏ ఫోన్‌లోనూ లేదు. గీతలు నిండుగా ఉండి నెట్ నత్తనడక నడవడం వెనక సగం కథ ఇదే.

మిగతా సగం మరింత ఆసక్తికరమైనది. ఒక ఇంట్లో రెండు రూటర్లు ఉంటే ఎప్పుడు దేనికి మారాలో నిర్ణయించేది ఎవరు? చాలామంది రూటర్లే అనుకుంటారు. కాదు, ఫోన్. కొత్త రూటర్లలో ‘ఫాస్ట్ రోమింగ్’ వంటి పేర్లతో ఉండే సదుపాయాలు ఫోన్‌కు సలహా ఇవ్వగలవు, మారే పనిని త్వరగా ముగించగలవు. తుది మాట మాత్రం ఫోన్‌దే. ఆ ఫోన్ స్వభావం ఏమిటంటే, ఉన్నచోట పని జరుగుతున్నంతసేపు పక్కచూపు చూడదు. చుట్టూ వెతకడానికి బ్యాటరీ ఖర్చవుతుంది, వెతికే ఆ క్షణాల్లో అసలు పని ఆగుతుంది.

ఎప్పుడు వెతకడం మొదలుపెడుతుందో ఆపిల్ సంస్థ తన పత్రాల్లోనే చెప్పింది. ఐఫోన్‌కు అందే సిగ్నల్ మైనస్ 70 డీబీఎం కంటే పడిపోతేనే ఇంకో రూటర్ కోసం చూస్తుంది. కొత్తది కాస్త మెరుగ్గా ఉంటే చాలదు. డేటా నడుస్తున్నప్పుడైతే 8 డెసిబెల్‌లు, ఖాళీగా ఉన్నప్పుడైతే 12 డెసిబెల్‌లు మెరుగ్గా ఉండాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ అంకెలు కంపెనీని బట్టి మారతాయి కాని తీరు ఇదే.

డీబీఎం అనే ఈ కొలతతో కాస్త పరిచయం ఉంటే మిగతాదంతా కూడికలు, తీసివేతలే. 20 డీబీఎం అంటే 100 మిల్లీవాట్లు. 3 పెరిగితే శక్తి రెట్టింపు, 3 తగ్గితే సగం. కాబట్టి 23 అంటే 200 మిల్లీవాట్లు, 17 అంటే 50, 14 అంటే 25. గాలిలో, గోడల్లో పోగా ఫోన్‌కు అందేది అతి స్వల్పం కాబట్టి ఆ అంకెలు మైనస్‌లో ఉంటాయి. సున్నాకు దగ్గరైనకొద్దీ బలం ఎక్కువ. మైనస్ 45 దివ్యంగా ఉన్నట్టు, మైనస్ 67 కాల్స్‌కు సరిపోయినట్టు, మైనస్ 80 అంటే ఈడ్చుకొస్తున్నట్టు.

ఇప్పుడు మన మేడ ఇంటి లెక్క వేద్దాం. కింది హాల్లోని రూటర్ 5 గిగాహెర్ట్జ్‌లో 23 డీబీఎం పంపుతోంది. మధ్యలో కాంక్రీటు స్లాబు, ఒక ఇటుక గోడ, ఓ పది మీటర్ల దూరం ఉన్నాయి. ఇవన్నీ కలిసి మేడ మీది గదికి చేరేలోపు 90 డెసిబెల్‌లు మింగేస్తాయనుకుందాం. అప్పుడు ఫోన్‌కు అందేది 23లోంచి 90 తీస్తే మైనస్ 67. తిరుగుదారిలో నష్టం కూడా ఆ 90 డెసిబెల్‌లే, ఎందుకంటే గోడ రెండు వైపుల నుంచీ ఒకే గోడ. ఫోన్ పంపేది 14 కాబట్టి రూటర్‌కు అందేది మైనస్ 76. పైనుంచి కిందికి వచ్చే మాట 9 డెసిబెల్‌లు తక్కువ, అంటే ఎనిమిదో వంతు బలం. అవతలివాళ్లకు మాట ముక్కలై పోవడానికి కారణం దొరికింది.

అదే గదికి మేడ మీది రూటర్ పక్క గదిలోనే ఉంది. దారిలో నష్టం 65 డెసిబెల్‌లే. దాని నుంచి ఫోన్‌కు మైనస్ 42 అందుతుంది, అంటే కిందిదానికన్నా 25 డెసిబెల్‌లు ఎక్కువ, మూడు వందల రెట్లకు పైగా బలం. ఇంత మంచి సిగ్నల్ పక్కనే ఉన్నా ఫోన్ అటు చూడదు. ఎందుకంటే కింది రూటర్ ఇస్తున్న మైనస్ 67 ఇంకా మైనస్ 70 గీత దాటి కిందికి పడలేదు. వైఫై ఆపి ఆన్ చేసినప్పుడు ఫోన్ మళ్లీ మొదటి నుంచి వెతుకుతుంది కాబట్టి దగ్గరిదాన్ని పట్టుకుంటుంది. ఆ చిట్కా పనిచేయడం వెనక రహస్యం ఇంతే.

కింది రూటర్‌ను 23 నుంచి 17కు దించితే ఏమవుతుంది? మేడ మీది గదిలో దాని బలం మైనస్ 73 అవుతుంది. గీత దాటింది. ఫోన్ తలెత్తి చుట్టూ చూస్తుంది, మేడ మీదిదాన్ని కనిపెట్టి దానికి మారుతుంది. మేడ మీది రూటర్‌ను కూడా 17కు దించాలి, లేకపోతే కిందికి దిగినప్పుడు ఇదే జబ్బు తలకిందులుగా వస్తుంది. అప్పుడు పై గదిలో దాని సిగ్నల్ మైనస్ 48 అవుతుంది. 42 నుంచి 48కి తగ్గిందని బాధపడాల్సిన పని లేదు, ఆ స్థాయిలో తేడా కంటికి ఆనదు. ఫోన్ నుంచి రూటర్‌కు చేరేది మాత్రం మైనస్ 76 ఉన్నచోట మైనస్ 51 అవుతుంది. ఫోన్ తన బలం రవ్వంత కూడా పెంచకుండానే దాని మాట ఇంత స్పష్టంగా చేరడం మొదలవుతుంది.

పవర్ తగ్గించడం వల్ల ఆ లింకు బాగుపడిందని ఇక్కడ పొరబడకూడదు. రూటర్ గట్టిగా మాట్లాడితే ఫోన్ గొంతు అంతకన్నా చిన్నదైపోదు. ఇంట్లో ఒకే రూటర్ ఉండి, పక్కింటి సిగ్నళ్లు పెద్దగా లేకపోతే పవర్ తగ్గించి సాధించేది దాదాపు ఏమీ ఉండదు. దూరపు గదిలో ఉన్న కాస్తా పోతుంది. పవర్ తగ్గించడం అనేది ఫోన్ చేత సరైన నిర్ణయం తీయించే ఉపాయం. ‘ఫుల్ పవర్ తప్పు’ అని ఊరంతా చాటేవాళ్లు ఈ తేడాను దాటవేస్తుంటారు.

శాతాల విషయంలో ఇంకో భయం ఉంటుంది. కొన్ని రూటర్లలో పవర్‌ను 100, 80, 60 అని శాతాల్లో చూపిస్తారు. సగం చేస్తే నెట్ అందే దూరం కూడా సగమైపోతుందనుకుంటారు. సగం శక్తి అంటే 3 డెసిబెల్‌లే. ఎదురుగా అడ్డేమీ లేని చోట కూడా దూరం సగం కావాలంటే 6 డెసిబెల్‌లు, అంటే శక్తి నాలుగో వంతుకు తగ్గాలి. 3 డెసిబెల్‌లు తగ్గితే దూరం 70 శాతానికి వస్తుంది. ఇంట్లోనైతే బలాన్ని తినేవి దూరం కంటే గోడలు కాబట్టి, కొన్ని డెసిబెల్‌ల తేడా వల్ల మారేది ఏ గోడ అవతల ఆగుతుందన్నదే.

అపార్ట్‌మెంట్‌లో లెక్క కొంచెం వేరు. వైఫై మర్యాద ప్రకారం మాట్లాడే ముందు చెవి ఒగ్గి వినాలి. అదే ఛానల్‌లో ఇంకెవరైనా మాట్లాడుతుంటే ఆగాలి. మామూలు 20 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో మైనస్ 82 డీబీఎం బలంతో ఇంకో వైఫై వినిపించినా ఆగాలన్నది ప్రమాణం. అంటే మీ ఇంట్లో ఎవరికీ పనికిరాని బలహీనమైన సిగ్నల్ కూడా రెండు ఫ్లాట్ల అవతలివాళ్ల నోరు మూయించగలదు. ఆ ఫ్లాటుకు నష్టం 100 డెసిబెల్‌లైతే 23 డీబీఎం రూటర్ అక్కడ మైనస్ 77గా వినిపిస్తుంది, వాళ్లు ఆగుతారు. 17కు తగ్గిస్తే మైనస్ 83. ఇక ఆగాల్సిన పని లేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోదగ్గ ఛానళ్లు 1, 6, 11 మూడే. ఒక అంతస్తులో ఆరు ఫ్లాట్లుంటే పక్కవాళ్లతో పంచుకోక తప్పదు.

ఇందులో ఒక చేదు నిజం ఉంది. మీరొక్కరే తగ్గిస్తే లాభపడేది పక్కింటివాళ్లు. వాళ్ల రూటర్ ఫుల్‌లో మోగుతూనే ఉంటుంది, దాన్ని విని మీది ఆగుతూనే ఉంటుంది. అందరూ తగ్గిస్తేనే అందరికీ మేలు, అలాంటి ఒప్పందాలు లిఫ్టు మరమ్మతు ఖర్చు దగ్గరే కుదరవు. కాబట్టి అపార్ట్‌మెంట్‌లో పవర్ కన్నా ముందు చేయాల్సిన పని, ఫోన్లను, టీవీని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుకోవడం. అక్కడ ఛానళ్లు ఎక్కువ, పైగా ఆ తరంగాలు గోడలకు త్వరగా అలసిపోతాయి. ఈ విషయంలో ఆ బలహీనతే మేలు.

అదే కారణానికి మేడ ఇంట్లో కూడా రెండు రూటర్లనూ ఒకే ఛానల్‌లో పెట్టి పవర్ తగ్గిస్తే సరిపోదు. కింది రూటర్‌కూ పై రూటర్‌కూ మధ్య నష్టం 85 డెసిబెల్‌లైతే, 23 దగ్గర ఒకదానికొకటి మైనస్ 62గా వినిపిస్తాయి, 17 దగ్గర మైనస్ 68గా. రెండూ మైనస్ 82 కన్నా చాలా పైనే. ఒకటి మాట్లాడేటప్పుడు రెండోది ఆగాల్సిందే. వేర్వేరు ఛానళ్లు ఇస్తేనే విడిపోతాయి. 5 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 36, ఇంకోదానికి 149 ఇస్తే గొడవ లేదు.

ఫుల్ పవర్ వల్ల వచ్చే మరో చిక్కు రూటర్ లోపలే పుడుతుంది. అధిక వేగాల్లో వైఫై ఒక్కో సంకేతంలో ఎక్కువ సమాచారాన్ని ఇరికిస్తుంది. అలా ఇరికించిన సంకేతం శుభ్రంగా, వంకర పోకుండా వెళ్లాలి. లోపలి యాంప్లిఫయర్‌ను చివరంచు దాకా తోస్తే సంకేతం వంకరపోతుంది. అందుకే మంచి కంపెనీల సాంకేతిక పత్రాల్లో ఒకే రూటర్‌కు వేగాన్ని బట్టి వేర్వేరు గరిష్ఠ పవర్‌లు కనిపిస్తాయి. తక్కువ వేగానికి ఎక్కువ పవర్, అత్యధిక వేగానికి తక్కువ. రూటర్ తనంతట తానే ఈ సర్దుబాటు చేసుకుంటుంది కాబట్టి ఇళ్లలో ఇది అరుదుగానే బయటపడుతుంది. పాత సాఫ్ట్‌వేర్‌ను పీకేసి, దేశం పేరు మార్చి, అనుమతించిన దానికన్నా ఎక్కువ పవర్ ఎక్కించేవాళ్లకు మాత్రం ఇది తగులుతుంది. గీతలు పెరిగి వేగం తగ్గిందని ఆశ్చర్యపోతారు. మన దేశంలో 2005 నిబంధనల ప్రకారం 2.4 గిగాహెర్ట్జ్‌లో యాంటెన్నా బలం కలుపుకుని 4 వాట్ల దాకా లైసెన్సు అక్కర్లేదు. చట్టం అంత విశాలంగా ఉన్నా జేబులోని ఫోన్ పంపేది ఆ పాతిక మిల్లీవాట్లే.

ఇక చేయడం ఎలా? ముందు కొలత, తర్వాతే మార్పు. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టాలి:

```
netsh wlan show interfaces
```

వచ్చే వరసల్లో రెండు ముఖ్యం. `Signal` దగ్గర శాతం కనిపిస్తుంది. విండోస్ లెక్కలో 100 శాతం అంటే మైనస్ 50, సున్నా అంటే మైనస్ 100. కాబట్టి మైనస్ 70 అంటే 60 శాతం. `BSSID` దగ్గర ఉన్న పన్నెండు అక్షరాలూ అంకెల చిరునామా మీరు ఏ రూటర్‌కు అంటుకుని ఉన్నారో చెబుతుంది. రూటర్ అడుగున అంటించిన కాగితం మీద దాదాపు అదే చిరునామా ఉంటుంది, చివరి అంకెలో కాస్త తేడా ఉండొచ్చు. ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ యాప్‌లు ఇవే వివరాలు చూపిస్తాయి. మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని వైఫై గుర్తు నొక్కితే చాలు. కింద హాల్లో ఒకసారి, మెట్ల మీద ఒకసారి, మేడ గదిలో కూర్చున్నాక ఒకసారి చూడండి. మేడ మీదికి చేరి కాసేపైనా చిరునామా కిందిదే కనిపిస్తుంటే రోగం నిర్ధారణ అయినట్టే.

తర్వాత బ్రౌజర్‌లో రూటర్ పేజీ తెరవాలి, చాలావాటికి అది `192.168.1.1` లేదా `192.168.0.1`. వైర్‌లెస్ భాగంలో అడ్వాన్స్‌డ్ అన్నచోట `Transmit Power` గాని `Tx Power` గాని ఉంటుంది. కొన్నింటిలో `High`, `Middle`, `Low` అని మూడే ఉంటాయి, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే కొన్ని పెట్టెల్లో శాతాలుంటాయి, కొన్నింటిలో అసలు కనిపించదు. ఒక్క మెట్టు దించి, సేవ్ చేసి, మళ్లీ మెట్లెక్కి చూడాలి. ఒకేసారి అడుగుకు తోసేస్తే ఏ మెట్టు దగ్గర సరిపోయిందో తెలియదు.

ఆ పేజీలో 2.4కూ 5కూ వేర్వేరు పవర్‌లు ఉంటాయి. 2.4 తరంగాలు అదే దూరానికి 6 డెసిబెల్‌లకు పైగా తక్కువ నష్టపోతాయి. రెండూ సమానంగా పెడితే ఫోన్‌కు 2.4 బలంగా కనిపించి, నెమ్మదైన దానికే అతుక్కుంటుంది. కాబట్టి 5 గిగాహెర్ట్జ్ 17 దగ్గర ఉంటే 2.4ను 11 దగ్గర పెట్టడం వైఫై ఏర్పాట్లు చేసేవాళ్ల అలవాటు. శాతాల్లో అయితే 5 ఉన్న దాంట్లో నాలుగో వంతు అన్నమాట. వరండాలో కెమెరా, గేటు దగ్గర బెల్లు 2.4 మీదే ఆధారపడి ఉంటే మాత్రం ఆ తగ్గింపు ముందు వాటి మీద పడుతుంది, వాటిని చూసుకుని దించాలి.

ఎక్కడ ఆగాలో చెప్పే కొలత ఒకటే. ప్రతి రూటర్ తన అంతస్తులోని అతి బలహీనమైన మూలలో మైనస్ 67కు తగ్గకూడదు. పై లెక్కలో కింది అంతస్తులోని వెనక గదికి నష్టం 78 డెసిబెల్‌లైతే 17 దగ్గర మైనస్ 61 వస్తుంది, నిశ్చింత. అదే గదికి నష్టం 88 అయితే మైనస్ 71 వస్తుంది, అక్కడ ఒక మెట్టు పైకి వేయాల్సిందే, లేదా రూటర్‌నే ఆ వైపుకు జరపాలి.

రెండు రూటర్ల మధ్య కేబుల్ లేకుండా గాలిలోనే మాట్లాడుకునే మెష్ సెట్లున్న ఇళ్లలో ఈ ప్రయోగం చేయవద్దు. అక్కడ పవర్ తగ్గిస్తే రెండు పెట్టెల మధ్య లింకే బలహీనపడి అన్ని ఫోన్లకూ వేగం పడిపోతుంది. ఒకే రూటర్‌తో నెట్టుకొస్తూ చివరి గదిలో సిగ్నల్ అందనివాళ్లకు కూడా ఇది మందు కాదు. వాళ్లకు కావాల్సింది ఒక కేబుల్, దాని చివర ఇంకో చిన్న పెట్టె.

మార్చే ముందు పాత అంకెలను ఒక కాగితం మీద రాసి రూటర్ పక్కన పెట్టుకోండి, కొత్తవి వాటి కిందే రాయండి. రిపేరుకు వచ్చినవాళ్లు వెనక చిల్లులో పిన్ను గుచ్చి రీసెట్ చేస్తే పవర్ మళ్లీ ఫుల్‌కు, ఛానల్ మళ్లీ ఆటోకు వెళ్లిపోతాయి.